వెయ్యి జవాబులకు వెయ్యి అరవై తీర్పులు

రైతుల ప్రశ్నలకు తెలుగులో జవాబిచ్చే చాట్‌బాట్ ఒకటి తయారవుతోందనుకుందాం. వరిలో సుడిదోమ కనిపిస్తే ఏం చెయ్యాలి, పత్తికి పైపాటు ఎరువు ఎప్పుడు వెయ్యాలి లాంటి 1000 ప్రశ్నలు దానికి వేసి జవాబులు రాబట్టారు. ఇప్పుడు వాటిని ఎవరో ఒకరు దిద్దాలి. మనుషులు కూర్చుని దిద్దితే రోజుల తరబడి పని. అందుకని ఈమధ్య ఆ పనికి మరో పెద్ద భాషా మోడల్‌ను కూర్చోబెడుతున్నారు. ప్రశ్న, జవాబు, దిద్దడానికి నియమాలు మూడూ దాని చేతికిస్తే, 'పాస్' అనో 'ఫెయిల్' అనో తీర్పు చెప్పి, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాస్తుంది. ఇలా దిద్దే మోడల్‌ను ఈ రంగంలో జడ్జి అని పిలుస్తారు. దిద్దాల్సిన ఒక్కో ప్రశ్న-జవాబు జంట ఒక రికార్డు.

పని పూర్తయ్యాక ఫలితాల ఫైలు తెరిచి చూస్తే అందులో 1060 వరుసలున్నాయి. రికార్డులేమో 1000. ఎక్కువగా వచ్చిన ఆ 60 ఎక్కడివి?

చాలామంది ఇక్కడ తేలిగ్గా తీసుకుంటారు. వెయ్యిలో అరవై ఎంతని, సగటు తీస్తే సర్దుకుపోతుందిలే అనుకుంటారు. అలా సర్దుకుపోదు. రెండుసార్లు తీర్పు పడిన రికార్డులు లాటరీ తీసినట్టు వచ్చినవి కావు. జడ్జికి ఎక్కువ సమయం పట్టిన రికార్డులే రెండుసార్లు పడతాయి. ఎక్కువ సమయం పట్టేది పొడుగాటి, చిక్కు జవాబులకు. చాట్‌బాట్ ఎక్కువగా తప్పేదీ వాటిలోనే.

లెక్క వేసి చూద్దాం. 1000లో 700 పాస్, అంటే 70 శాతం. ఆలస్యమైన 60 పొడుగు జవాబుల్లో 20 పాస్, 40 ఫెయిల్ అనుకుందాం. ఆ అరవై రెండుసార్లు నమోదైతే మొత్తం 1060 వరుసల్లో 720 పాస్, అంటే 67.9 శాతం. మర్నాడు చాట్‌బాట్ కొత్త వెర్షన్ వచ్చింది. సర్వర్ ఖాళీగా ఉంది, ఆలస్యాలేమీ లేవు, ఖచ్చితంగా 1000 తీర్పులే వచ్చాయి, 690 పాస్. 69 శాతం. కాగితం మీద కొత్త వెర్షన్ ఒక మెట్టు పైన ఉంది. నిజానికి అది పాతదానికంటే ఒక మెట్టు కింద ఉంది. నాసిరకం వెర్షన్ రైతుల ఫోన్లలోకి వెళ్లిపోతుంది. దీనికి కారణం మోడలూ కాదు, జడ్జీ కాదు. మళ్లీ ప్రయత్నించమని రాసిన నాలుగు వరుసల ప్రోగ్రామ్.

ఆ నాలుగు వరుసలు లేకుండా కుదరదు మరి. జడ్జి ఎక్కడో దూరపు డేటా సెంటర్లో ఉంటుంది. దాన్ని పిలిచిన ప్రతిసారీ జవాబు వస్తుందన్న భరోసా లేదు. తాకిడి ఎక్కువైతే 429 అనే కోడ్ వస్తుంది: తొందరపడుతున్నావు, కాస్త ఆగు అని. 503 వస్తే సర్వర్ ఇప్పుడు పని తీసుకునే స్థితిలో లేదని. ఇలాంటివి కాసేపటికి వాటంతటవే సర్దుకుంటాయి, మళ్లీ అడగడం సబబే. 400 వస్తే మనం పంపినదే తప్పు, 401 వస్తే మన తాళంచెవి చెల్లలేదు. అదే అభ్యర్థనను ఎన్నిసార్లు పంపినా ఇవి మారవు, ఆగి సరిచేసుకోవాల్సిందే. వీటన్నిటిలో సర్వర్ ఏదో ఒకటి చెప్పింది కాబట్టి ఇబ్బంది లేదు. అసలు చిక్కు సర్వర్ ఏమీ చెప్పనప్పుడు.

కిరాణా కొట్టు దగ్గర యూపీఐలో డబ్బు పంపాక తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోవడం అందరికీ అనుభవమే. డబ్బు వెళ్లిందో లేదో ఆ చక్రం చెప్పదు. వెళ్లలేదనుకుని మళ్లీ పంపితే రెండుసార్లు వెళ్లే ప్రమాదం ఉంది. జడ్జి దగ్గరా అంతే. మనం పెట్టుకున్న గడువు దాటిపోయిందంటే, మనకు ఓపిక అయిపోయిందని మాత్రమే అర్థం. అభ్యర్థన అసలు చేరలేదా, చేరి జడ్జి ఇంకా ఆలోచిస్తోందా, తీర్పు రాసేశాక తిరుగుదారిలో పోయిందా అన్నది ఇవతలి నుంచి తేల్చడానికి వీల్లేదు. నెట్‌వర్క్ ఎంత మెరుగైనా ఈ సందేహం పూర్తిగా పోదు.

ఇప్పుడు ఒక్క రికార్డు వెంట నడుద్దాం. దాని సంఖ్య 417. మిరపలో తామర పురుగు గురించి రెండు పేజీల జవాబు. ఉదయం 10:00:00కు ప్రోగ్రామ్ జడ్జిని పిలిచింది. గడువు 30 సెకన్లు. 10:00:30కి గడువు అయిపోయింది, ప్రోగ్రామ్ ఒక సెకను ఆగి 10:00:31కి మళ్లీ పిలిచింది. 10:00:38కి మొదటి పిలుపు పూర్తయి, ఫైల్లో 'ఫెయిల్' అని ఒక వరుస చేరింది. 10:00:58కి రెండోది పూర్తయి 'పాస్' అని ఇంకో వరుస చేరింది. ఒకే జవాబుకు రెండు తీర్పులు, అదీ ఒకదానికొకటి విరుద్ధంగా. భాషా మోడళ్లు ఒకే ప్రశ్నకు ప్రతిసారీ ఒకే మాట చెబుతాయన్న హామీ లేదు. టెంపరేచర్ అనే సెట్టింగును సున్నాకు దించినా ఆ హామీ రాదు. అటూ ఇటూ కాని జవాబుల దగ్గరే తీర్పు ఎక్కువగా ఊగుతుంది.

గడువు దాటాక వదిలేసిన మొదటి పిలుపు ఎలా పూర్తయింది? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పైథాన్‌లో పనులను థ్రెడ్లకు అప్పగించి `future.result(timeout=30)` అని రాస్తారు. 30 సెకన్లు దాటగానే టైమవుట్ అని కబురు వస్తుంది. దాంతో పని ఆగిపోయిందనుకుంటాం. ఆగదు. ఎదురుచూడటం మానేసింది మనమే. వెనకాల ఆ థ్రెడ్ తన పని తాను చేసుకుంటూ పోతుంది, జవాబు రాగానే ఫైల్లో రాసేస్తుంది. పనుల వరుసలను నడిపే సర్వీసులదీ ఇదే కథ. అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్‌లో ఒక పనిని ఒక వర్కర్ తీసుకున్నాక అది మిగతావాళ్లకు కనపడకుండా ఉండే వ్యవధి, మనం మార్చకపోతే, 30 సెకన్లు. జడ్జికి 40 సెకన్లు పడితే, మొదటి వర్కర్ ఇంకా ఎదురుచూస్తుండగానే అదే పని రెండో వర్కర్ చేతికి వెళ్తుంది. ఇద్దరూ నిజాయితీగా పని పూర్తిచేస్తారు.

కాబట్టి మొదట గడువు సంగతి తేల్చుకోవాలి. 30 అనే అంకె చాలా ప్రోగ్రాముల్లో కనిపిస్తుంది గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. చెయ్యాల్సింది ఏమిటంటే, ముందుగా ఓ రెండొందల రికార్డులు గడువును బాగా వదులుగా పెట్టి నడిపి, ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. సగం 6 సెకన్లలో, నూటికి 95 పద్దెనిమిదిలో, నూటికి 99 నలభైలో పూర్తయ్యాయనుకుందాం. అప్పుడు 30 పెట్టామంటే ప్రతి వందలో కొన్నింటిని తెలిసి తెలిసి మధ్యలో వదిలేస్తున్నట్టే. అవి వదిలేసి మళ్లీ పిలిచినా తొందరగా రావు. ఆలస్యానికి కారణం సర్వర్ కాదు, ఆ రికార్డే. అదే గడువుతో ఐదుసార్లు పిలిస్తే చాలావరకు ఐదుసార్లూ గడువు దాటుతుంది, ఐదుసార్లకూ బిల్లు పడుతుంది. ఈ ఉదాహరణలో 60 సెకన్లు పెట్టుకోవడం మేలు. జడ్జిని కారణాలు కూడా తెలుగులోనే రాయమంటే ఇంకాస్త పెంచాలి. చాలా మోడళ్లు తెలుగు మాటను ఇంగ్లీషు మాటకంటే ఎక్కువ ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కా రాస్తాయి, అందువల్ల అదే సంగతి రాయడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి.

గడువుల్లోనూ రకాలున్నాయి. సర్వర్‌తో సంబంధం ఏర్పడటానికి ఇచ్చే గడువు చిన్నదిగా ఉండొచ్చు, 5 సెకన్లలో తలుపు తియ్యని సర్వర్ దగ్గర నిమిషం నిలబడటం దండగ. జవాబు కోసం ఇచ్చేది పెద్దదిగా ఉండాలి. పైథాన్‌లో అందరూ వాడే `requests` లైబ్రరీకి మనం చెప్పకపోతే గడువే ఉండదు, సర్వర్ పలక్కపోతే ప్రోగ్రామ్ అలా కూర్చునే ఉంటుంది. చెప్పినా, జవాబుకు ఇచ్చిన గడువు మొత్తం సమయానికి వర్తించదు. ఒక విడత డేటాకీ ఇంకో విడతకీ మధ్య విరామానికే వర్తిస్తుంది. చుక్క చుక్కగా వస్తూ ఉంటే 60 సెకన్ల గడువు పది నిమిషాలైనా మోగదు. మొత్తానికి ఇంత అని విడిగా ఒక హద్దు మనమే పెట్టుకోవాలి.

ఇక మళ్లీ పిలిచే ముందు ఎంతసేపు ఆగాలన్నది. దీని వెనక ఒక చక్కని చరిత్ర ఉంది. 1970లలో ఈథర్‌నెట్‌ను రూపొందించినప్పుడు ఒకే తీగ మీద రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోయేవి. ఇద్దరూ ఆగి మళ్లీ ఒకేసారి మొదలుపెడితే మళ్లీ అదే గొడవ. దానికి మెట్‌కాఫ్, బాగ్స్ అనే ఇంజనీర్ల బృందం పెట్టిన ఉపాయం ఏమిటంటే, ఢీకొన్న ప్రతిసారీ ఆగే వ్యవధి హద్దును రెట్టింపు చేసుకుంటూ పోవడం, ఆ హద్దులోపల ఎంత ఆగాలన్నది ఎవరికి వారు చీటీ తీసుకోవడం. తర్వాత వచ్చిన ప్రమాణంలో రెట్టింపు పదిసార్లతో ఆగుతుంది, 16 ప్రయత్నాలయ్యాక చేతులెత్తేస్తుంది. నేటి సర్వర్లకూ ఆ సూత్రమే నడుస్తోంది. వ్యవధిని రెట్టింపు చెయ్యడం చాలామందికి గుర్తుంటుంది, చీటీ సంగతి మర్చిపోతుంటారు. 50 వర్కర్లకు ఒకే క్షణంలో 429 వచ్చిందనుకోండి. అందరూ సరిగ్గా 1 సెకను ఆగితే, మరుసటి సెకనులో యాభై మందీ కలిసికట్టుగా మళ్లీ సర్వర్ మీద పడతారు. తర్వాత 2 సెకన్లకు, 4 సెకన్లకు అదే గుంపు. అమెజాన్ ఇంజనీరు మార్క్ బ్రూకర్ 2015లో దీన్ని సిమ్యులేషన్ చేసి చూపించారు: వ్యవధిని రెట్టింపు చెయ్యడం ఒక్కటే గుంపును చెదరగొట్టదు, దానికి యాదృచ్ఛికతను కలిపినప్పుడే మొత్తం పిలుపులు బాగా తగ్గుతాయి. ప్రోగ్రామ్‌లో అది ఇంతే:

```python
wait = random.uniform(0, min(30, 2 ** attempt))
```

సున్నా నుంచి ప్రస్తుత హద్దు వరకు ఏదో ఒక వ్యవధి. హద్దు 1, 2, 4, 8, 16 సెకన్లుగా పెరిగి 30 దగ్గర ఆగుతుంది. సర్వరే `Retry-After` అనే వరుసలో ఇన్ని సెకన్లు ఆగమని చెబితే మన లెక్క పక్కనపెట్టి కనీసం అంతసేపు ఆగాలి. ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నదానికి ఐదు చాలు. ఇక్కడ ఒక దాగుడుమూత ఉంది. ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ సంస్థల పైథాన్ లైబ్రరీలు మనం చెప్పకుండానే లోపల రెండుసార్లు మళ్లీ ప్రయత్నిస్తాయి. అంటే మన ఒక్క పిలుపు నిజానికి మూడు పిలుపులు కావచ్చు. మన లూపు ఐదుసార్లు తిరిగితే 15. పనుల వరుస ఆ పనిని మూడుసార్లు ఇస్తే 45. సర్వర్ ఇబ్బందిలో ఉన్న సమయంలోనే దాని మీద ఇంత బరువు పడుతుంది. మళ్లీ ప్రయత్నించే బాధ్యత ఒక్క అంతస్తుకే ఇచ్చి, మిగతా చోట్ల `max_retries=0` అని పెట్టడం మంచిది.

ఇంత చేసినా రెండో తీర్పు రావడం తగ్గుతుందే గానీ ఆగదు. గడువు 60 పెడితే 61వ సెకనులో వచ్చేవి ఉంటాయి. తీర్పు రాసిన మరుక్షణం కరెంటు పోయి, పని అయిందని గుర్తు పెట్టకుండానే ప్రోగ్రామ్ ఆగిపోవడమూ ఉంటుంది. అందుకే నా మట్టుకు నాకు, రెండో పిలుపు జరగకుండా చూసుకోవడం మీద పెట్టే శ్రమలో ఎక్కువ భాగం వృథా. పిలుపులు ఎన్ని జరిగినా సరే, నమోదయ్యే చోట ఒక రికార్డుకు ఒకటే గడి ఉండాలి. ఆ కాపలా ప్రోగ్రామ్ జాగ్రత్త మీద కాదు, డేటాబేస్ మీద పెట్టాలి. ఫైలు చివర వరుసలు చేర్చుకుంటూ పోయే పద్ధతిలో ఆ కాపలా పెట్టడానికి చోటే లేదు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో అయితే పట్టికకే చెప్పొచ్చు:

```sql
CREATE TABLE verdicts (
  record_id   text,
  answer_hash text,
  rubric_ver  text,
  judge       text,
  verdict     text NOT NULL,
  PRIMARY KEY (record_id, answer_hash, rubric_ver, judge)
);

INSERT INTO verdicts VALUES ($1, $2, $3, $4, $5)
ON CONFLICT DO NOTHING;
```

ఏ రికార్డు, ఏ జవాబు, ఏ నియమాల వెర్షన్, ఏ జడ్జి అన్న నాలుగూ కలిసి ఒక తాళంచెవి. ఆ నలుగురి కలయికకు ఒక్క వరుసే ఉండనిస్తుంది. రెండోది వస్తే గొడవ చెయ్యకుండా పక్కకు తప్పిస్తుంది. జవాబు పాఠం నుంచి లెక్కగట్టిన హాష్‌ను ఇందులో చేర్చడం ఎందుకంటే, చాట్‌బాట్ 417కు కొత్త జవాబిస్తే అది కొత్తగా దిద్దాల్సిన విషయం, పాత తీర్పు దానికి అంటుకోకూడదు. నియమాలు మారినా అంతే. తాళంచెవిలో ఉండకూడనిది ఎన్నో ప్రయత్నం అన్న సంఖ్య. ప్రయత్నానికొక కొత్త యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య పుట్టించి దాన్ని తాళంచెవిగా పెట్టేవాళ్లను చూస్తుంటాం. అప్పుడు ప్రతి ప్రయత్నమూ డేటాబేస్‌కు కొత్త ముఖమే, ఎవరినీ ఆపదు. పని అయిందా లేదా అని వేరే పట్టికలో గుర్తు పెట్టుకోవడమూ అక్కర్లేదు. ఈ పట్టికలో వరుస లేని రికార్డే మిగిలిన పని. రెండు చోట్ల రాస్తేనే కదా, ఒకచోట రాసి రెండోచోట రాయకుండా ఆగిపోయే ప్రమాదం.

417 దగ్గరికి మళ్లీ వెళ్దాం. 10:00:38కి వచ్చిన 'ఫెయిల్' గడిలో కూర్చుంది. 10:00:58కి వచ్చిన 'పాస్'కు చోటు లేదు. మొదటిదే ఎందుకు నిలవాలి, రెండోది మెరుగైతే అని అడగొచ్చు. రెండోది మెరుగనడానికి ఆధారం లేదు. అంతకుమించి, చివర వచ్చినది పాతదాన్ని చెరిపేసే పద్ధతి పెడితే, మధ్యాహ్నం నివేదిక పంపేశాక ఎక్కడో చిక్కుకుపోయిన పిలుపు సాయంత్రం వచ్చి తీర్పు మార్చేయగలదు. మొదట వచ్చినది నిలిస్తే, ఒకసారి లెక్కపెట్టిన అంకె తర్వాత కదలదు. జడ్జి ఊగిసలాటను తగ్గించాలని నిజంగా ఉంటే, ప్రతి రికార్డునూ ముందే అనుకుని మూడుసార్లు దిద్దించి మెజారిటీ తీసుకోవాలి, ఎన్నో తీర్పు అన్న సంఖ్యను తాళంచెవిలో ఐదో భాగంగా చేర్చాలి. నెమ్మదిగా వచ్చిన అరవైకి మాత్రం రెండో అవకాశం దొరకడం న్యాయం కాదు.

చోటు దొరకని తీర్పును మాత్రం పారెయ్యకండి. ప్రయత్నాల కోసం విడిగా ఇంకో పట్టిక పెట్టి, ప్రతి పిలుపు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏం వచ్చింది అన్నది అందులో రాసుకోవాలి. ఇందులో వరుసలు ఎన్నైనా ఉండొచ్చు, ఎందుకంటే ఎవరూ దీన్నుంచి మార్కులు లెక్కపెట్టరు. దీనివల్ల రెండు లాభాలు. ఆలస్యంగా వచ్చినవి పెరుగుతుంటే గడువు బిగువైందని తెలుస్తుంది. ఆలస్యపు తీర్పులను నిలిచిన తీర్పులతో పోల్చి చూస్తే జడ్జి తన మాట మీద తాను ఎంతవరకు నిలబడుతోందో కాణీ ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. డబ్బు సంగతి మాత్రం వేరు. పట్టికలో తీర్పు ఒకటే ఉన్నా పిలుపులు రెండు జరిగితే బిల్లు రెండింటికీ రావచ్చు. చెల్లింపుల సంస్థ స్ట్రైప్ లాంటివి అభ్యర్థనతోపాటు `Idempotency-Key` అనే గుర్తును పంపనిస్తాయి, అదే గుర్తుతో రెండోసారి వస్తే పని మళ్లీ చెయ్యకుండా మొదటి ఫలితాన్నే తిరిగిస్తాయి. మీ జడ్జి సర్వీసు అలాంటిది ఇస్తే వాడుకోండి. ఇవ్వకపోతే ఖర్చును ఆపేది సరైన గడువు ఒక్కటే.

ఐదు ప్రయత్నాలూ అయిపోయి తీర్పు రాకపోతే ఏం రాయాలి? ఏమీ రాయకూడదు. దిద్దేవాడు రాకపోతే విద్యార్థికి సున్నా వెయ్యరు. అయినా చాలా ప్రోగ్రాములు లోపం ఎదురైతే 'ఫెయిల్' అని రాసేస్తాయి, సర్వర్ తడబాటు చాట్‌బాట్ ఖాతాలో పడుతుంది. జడ్జి జవాబిచ్చింది గానీ పాస్, ఫెయిల్ రెండూ కాకుండా ఇంకేదో రాసిందనుకోండి, అది నెట్‌వర్క్ లోపం కిందకు రాదు. మనకు అర్థమయ్యే మాట వచ్చేదాకా అడుగుతూ పోతే, అనుకోకుండా మనమే తీర్పును ఏరుకుంటున్నట్టవుతుంది. ఒక్కసారి మళ్లీ అడిగి, అప్పటికీ కుదరకపోతే ఆ పాఠాన్ని దాచి మనిషికి చూపించాలి. తీర్పు రానివాటిని సర్వర్ ఖాళీగా ఉన్న వేళ పెద్ద గడువుతో మళ్లీ నడపొచ్చు.

పాత పద్ధతిలో ఫైలుకు వరుసలు చేర్చి పెట్టుకున్న ఫలితాలు మీ దగ్గర ఇప్పటికే ఉంటే, వాటి సంగతి ఒక్క నిమిషంలో తేలుతుంది:

```
jq -r .record_id verdicts.jsonl | sort | uniq -d
```

రెండుసార్లు, అంతకుమించి పడిన రికార్డుల సంఖ్యలను ఇది తెర మీద వేస్తుంది. ఏమీ వెయ్యకపోతే మీ ఫైలు శుభ్రంగా ఉంది. ఏవైనా వస్తే ముందు ఆ రికార్డులు తెరిచి జవాబుల పొడుగు చూడండి, తర్వాత సమయాన్ని బట్టి మొదటి తీర్పును మాత్రం ఉంచి శాతం మళ్లీ లెక్కగట్టండి. ఇకమీదట ఎవరైనా ఫలానా మోడల్‌కు ఇన్ని శాతం వచ్చిందని నివేదిక తెస్తే, శాతం చూసే ముందు మూడు అంకెలు అడగండి: రికార్డులెన్ని, తీర్పులెన్ని, తీర్పు రానివెన్ని. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. రాకపోతే ఆ నివేదికను వెనక్కి పంపండి.